పొట్ట మీద వేసే ఆ ఇంజెక్షన్ ఎవరికి?

ఒకటికి రెండుసార్లు అబార్షన్ అయిన అమ్మాయి మళ్లీ నెల తప్పిందంటే, చుట్టుపక్కల వాళ్లలో ఎవరో ఒకరు చెప్పే మాట ఇప్పుడు మన ఊళ్లలో మామూలైపోయింది: "పొట్ట మీద వేసే ఇంజెక్షన్లు ఉన్నాయట, అవి వేయించుకుంటే గర్భం నిలుస్తుందట." ఆ మందు హెపారిన్. ఇప్పుడు ఎక్కువగా వాడేది అందులో ఒక రకమైన ఎనాక్సపారిన్. రక్తం గడ్డకట్టకుండా చూడటమే దాని పని. కొందరు తల్లులకు అది నిజంగానే బిడ్డను దక్కించే మందు. అయితే కారణం తేలకుండా అబార్షన్లయిన వాళ్లందరికీ అదే మందు రాసేయడం కూడా జరుగుతోంది. వాళ్లకు నెలల తరబడి సూదిపోట్లు, డబ్బు ఖర్చు తప్ప ఒరిగేది లేదని పరిశోధనలు తేల్చాయి. అందుకే ఇది ఎవరికి అవసరమో, ఎలా వాడాలో కొంచెం నిదానంగా తెలుసుకోవాలి.

గర్భం దాల్చిన ప్రతి స్త్రీ రక్తమూ మామూలుకంటే తొందరగా గడ్డకడుతుంది. ఇది జబ్బు కాదు. కాన్పులో మాయ ఊడిపోయినప్పుడు రక్తస్రావం త్వరగా ఆగడానికి శరీరం ముందునుంచే చేసుకునే ఏర్పాటు. గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ వంటి పదార్థాలు పెరుగుతాయి, గడ్డను అదుపులో ఉంచే ప్రోటీన్-ఎస్ తగ్గుతుంది. దాంతో పాటు పెరిగే గర్భసంచి కాళ్ల నుంచి పైకి వచ్చే సిరలను నొక్కుతుంది. అందుకే సిరల్లో గడ్డ ఏర్పడే ముప్పు గర్భిణికి ఇతర స్త్రీలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. అయినా గడ్డ ఏర్పడేది వెయ్యి మందిలో ఒకరిద్దరికే. కాబట్టి గర్భిణులందరికీ హెపారిన్ ఇవ్వరు. ఇంతకుముందు కాలి సిరలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ వచ్చిన వాళ్లకు, గుండెలో లోహపు వాల్వు ఉన్న వాళ్లకు, ఇంకా కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో ఇస్తారు. అబార్షన్లతో ముడిపడి, హెపారిన్‌తో గట్టి సంబంధం ఉన్న జబ్బు మాత్రం ఒకటే ఉంది. దాని పేరు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. డాక్టర్లు, ల్యాబుల వాళ్లు 'ఏపీఎస్' అనీ 'ఆప్లా' అనీ అంటుంటారు.

ఈ జబ్బును 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ అనే వైద్యుడు, ఆయన బృందం ఒక రూపుకు తెచ్చి వివరించారు. బయటి సూక్ష్మక్రిములతో పోరాడాల్సిన యాంటీబాడీలు ఇందులో మన సొంత కణాల పొరల మీద అంటుకునే ప్రోటీన్లపైనే తిరగబడతాయి. దాంతో రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడతాయి, గర్భాలు నిలవవు. కొందరికి రెండూ, కొందరికి ఒక్కటే. ఇందులో ఒక విడ్డూరం ఉంది. ఈ యాంటీబాడీల్లో ఒకదాన్ని పట్టుకునే పరీక్ష పేరు 'లూపస్ యాంటీకోయాగ్యులెంట్'. పరీక్షనాళికలో ఆ రక్తం ఆలస్యంగా గడ్డకడుతుంది, అదే రక్తం ఒంట్లో మాత్రం తొందరగా గడ్డకడుతుంది. ఏపీటీటీ అనే మామూలు పరీక్షలో సమయం ఎక్కువ వచ్చిందని చూసి, 'ఈమెకు రక్తం కారే గుణం ఉంది' అని పొరబడిన సందర్భాలు అందుకే ఉంటాయి. పేరులో లూపస్ ఉన్నంత మాత్రాన ఆ మనిషికి లూపస్ జబ్బు ఉన్నట్టూ కాదు.

మాయలో గడ్డలు కట్టి బిడ్డకు రక్తం అందకపోవడం వల్లే గర్భం పోతుందని మొదట్లో అనుకునేవారు. అది కొంతవరకే నిజం. ఏడెనిమిది వారాలకే పోయే గర్భాల్లో చాలావాటి మాయలో గడ్డలే కనబడవు. ఆ యాంటీబాడీలు మాయ కణాలకే నేరుగా అంటుకుని, అవి గర్భసంచి గోడలోకి సరిగ్గా వేళ్లూనకుండా చేస్తాయని, అక్కడ వాపు పుట్టిస్తాయని తర్వాత తెలిసింది. 2004లో ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగంలో హెపారిన్ ఆ వాపును ఆపి పిల్లలను కాపాడింది. గడ్డకట్టడాన్ని మాత్రమే ఆపే వేరే మందులు కాపాడలేకపోయాయి. అంటే హెపారిన్ ఇక్కడ చేసేది రక్తాన్ని 'పలచన' చేయడం ఒక్కటే కాదు.

ఎవరికి ఎలా చికిత్స జరుగుతుందో తెలియడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఒక్కరి కథ కాదు, డాక్టర్ల దగ్గరికి వచ్చే చాలామంది పరిస్థితిని కలిపి చెప్పుకున్నది. ఆమెకు 27 ఏళ్లు, బరువు 58 కిలోలు. మొదటి గర్భం తొమ్మిదో వారంలో పోయింది. "మొదటిసారి చాలామందికి అవుతుందిలే" అన్నారు ఇంట్లోవాళ్లు. ఆ మాటలో తప్పులేదు, తొలి నెలల్లో పోయే గర్భాల్లో సగం దాకా బిడ్డ క్రోమోజోముల్లోని లోపాల వల్లే పోతాయి. రెండోసారి నాలుగో నెలలో, 16వ వారంలో స్కానింగ్‌కి వెళితే బిడ్డ గుండె కొట్టుకోవడం లేదు. బిడ్డ ఆకారంలో ఏ లోపమూ లేదు. ఈ రెండో సంఘటన మీదే డాక్టరు దృష్టి నిలిచింది. ఎందుకంటే పదో వారం దాటాక, ఆకారంలో లోపం లేని బిడ్డ ఒక్కసారి పోయినా సరే, ఏపీఎస్ ఉందేమో చూడాలి. పది వారాల లోపే వరుసగా మూడుసార్లు పోయినా చూడాలి. బీపీ విపరీతంగా పెరిగో, మాయ సరిగ్గా పనిచేయకో 34 వారాల లోపే కాన్పు చేయాల్సి వచ్చినా చూడాలి. 2006 నుంచి ప్రపంచమంతటా వైద్యులు వాడుతున్న కొలమానం ఇదే. మూడోసారి దాకా ఆగకుండా రెండుసార్లకే పరీక్ష చేయించే డాక్టర్లూ ఉన్నారు.

పరీక్షలు మూడు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఒకటి, యాంటీకార్డియోలిపిన్ యాంటీబాడీ రెండోది, యాంటీ బీటా-2 గ్లైకోప్రోటీన్-1 మూడోది. మన ఉదాహరణలోని ఆమెకు లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పాజిటివ్ వచ్చింది, కార్డియోలిపిన్ ఐజీజీ 62 యూనిట్లు వచ్చింది. రిపోర్టు చూసి భర్త అడిగాడు: "అయితే జబ్బు ఇదేనన్నమాట, ఇంజెక్షన్లు ఎప్పుడు మొదలుపెడదాం మేడమ్?" డాక్టరమ్మ ఇంకా మొదలుపెట్టలేదు. "ఇది ఒక్కసారి వస్తే సరిపోదు బాబూ. పన్నెండు వారాలు ఆగి మళ్లీ చేద్దాం. అప్పుడూ ఇలాగే వస్తేనే జబ్బు ఉన్నట్టు. అందాకా గర్భం రాకుండా చూసుకోండి," అంది.

ఆ పన్నెండు వారాల ఎదురుచూపు వెనుక గట్టి కారణం ఉంది. మామూలు జ్వరాలు, వైరస్ ఇన్ఫెక్షన్లు వచ్చి తగ్గాక కొందరిలో ఈ యాంటీబాడీలు తాత్కాలికంగా కనిపించి మాయమవుతాయి. వాటితో ఏ ప్రమాదమూ లేదు. అలాగే 15, 20 యూనిట్ల వంటి తక్కువ విలువను ల్యాబు వాళ్లు 'పాజిటివ్' అని ముద్రించినా దాన్ని జబ్బుగా లెక్కవేయరు. నిర్ధారణకు కార్డియోలిపిన్ 40 యూనిట్లు దాటి ఉండాలి. హెపారిన్ మొదలుపెట్టాక లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్ష చేస్తే ఫలితం తారుమారు కావచ్చు, కాబట్టి మందుకు ముందే చేయించాలి. పదేపదే గర్భాలు పోయిన స్త్రీలలో ఈ యాంటీబాడీలు నిజంగా ఉండేది వందకు దాదాపు 15 మందికే.

మిగతావాళ్ల చేతుల్లో తరచూ కనిపించే రిపోర్టులు వేరే ఉంటాయి. వాటిలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ప్రోటీన్-ఎస్ పరీక్ష. గర్భంలో అది సహజంగానే తగ్గుతుందని పైన చెప్పుకున్నాం. అలాంటిది గర్భంతో ఉండగానో, అబార్షన్ అయిన వారానికో ఈ పరీక్ష చేసి, 'తక్కువగా ఉంది' అని రాసి, జీవితాంతం మోయాల్సిన ఒక జబ్బు పేరు తగిలిస్తున్నారు. గర్భం ముగిసి కనీసం ఆరు వారాలు దాటాకే ఆ పరీక్షకు అర్థం ఉంటుంది. రెండోది ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యు పరీక్ష. ఆ జన్యువులో మార్పులు ఆరోగ్యవంతుల్లోనూ చాలామందికి ఉంటాయి. అబార్షన్లకు కారణం వెతకడానికి ఆ పరీక్ష చేయవద్దని ప్రసూతి వైద్యుల సంఘాలే చెప్పాయి. దాని ఆధారంగా హెపారిన్ రాస్తే, "ఇది నాకు ఎందుకు?" అని అడగడంలో తప్పులేదు.

అలా అడగడానికి ఆధారం కూడా ఉంది. 2010లో నెదర్లాండ్స్‌లో, కారణం తెలియని అబార్షన్లు పదేపదే అయిన 364 మంది స్త్రీల మీద ఒక పరీక్ష జరిగింది. ఆస్పిరిన్, హెపారిన్ రెండూ తీసుకున్నవాళ్లకూ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ పిల్లలు పుట్టడంలో తేడా కనబడలేదు. పుట్టుకతోనే రక్తం గడ్డకట్టే గుణం ఉన్నవాళ్ల సంగతి ఏమిటన్న ప్రశ్న మిగిలింది. దానికి 2023లో జవాబు వచ్చింది. పదేపదే అబార్షన్లై, ఆ గుణం కూడా ఉన్న 326 మందిలో సగం మందికి హెపారిన్ ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా చూశారు. ఇచ్చినవాళ్లలో 72 శాతం మందికి, ఇవ్వనివాళ్లలో 71 శాతం మందికి బిడ్డలు పుట్టారు. ఇందులో మందు లేనివాళ్లకు వచ్చిన ఆ 71 శాతాన్ని కూడా గమనించాలి. రెండు మూడు గర్భాలు పోయాక కూడా ఏ ఇంజెక్షన్ లేకుండానే ఎక్కువమందికి బిడ్డ దక్కుతోంది. "ఫలానా ఇంజెక్షన్ వాడాకే మాకు పాప పుట్టింది" అనే అనుభవాలన్నీ అబద్ధాలు కావు. అయితే ఆ పాప మందు లేకున్నా పుట్టి ఉండేదేమో ఒక్క అనుభవాన్ని బట్టి తేల్చలేం.

మళ్లీ మన ఉదాహరణకు వద్దాం. మూడు నెలల తర్వాత చేసిన పరీక్షలోనూ లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పాజిటివే. ఇక సందేహం లేదు. ఇలాంటి వాళ్లలో హెపారిన్ వాడటానికి బలమైన ఆధారం 1997లో లండన్‌లో జరిగిన పరీక్ష. ఏపీఎస్ ఉన్న 90 మందిలో ఆస్పిరిన్ మాత్రమే వాడినవాళ్లలో 42 శాతం మందికి బిడ్డలు పుడితే, ఆస్పిరిన్‌కు హెపారిన్ కలిపినవాళ్లలో 71 శాతం మందికి పుట్టారు. తర్వాత జరిగిన పరీక్షలన్నీ ఇంత పెద్ద తేడా చూపలేదు. అయినా అన్నీ కలిపి చూసి, ఈ జబ్బు ఖాయమైనవాళ్లకు రెండు మందులూ ఇవ్వడమే మంచిదని వైద్యులు తేల్చుకున్నారు. రెండూ వాడినా వందలో దాదాపు 30 మందికి గర్భం నిలవలేదన్న సంగతి ముందే తెలిసి ఉండాలి. ఇది పూచీ ఇచ్చే మందు కాదు.

ఆమె గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడే రోజుకు 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మొదలైంది. నెల తప్పి, ఆరో వారంలో స్కానింగ్‌లో బిడ్డ గుండె కనబడ్డాక ఎనాక్సపారిన్ 40 మిల్లీగ్రాములు, రోజుకు ఒకటి. 50 నుంచి 90 కిలోల మధ్య బరువున్నవాళ్లకు నివారణ కోసం ఇచ్చే మోతాదు అది. అంతకు తక్కువ బరువుంటే 20, ఎక్కువుంటే 60 ఇస్తారు. ఇప్పటికే గడ్డ వచ్చిన మనిషికి మోతాదు లెక్కే వేరు, కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున రోజుకు రెండుసార్లు. అంటే ఇదే 58 కిలోల మనిషికి పూటకు దాదాపు 60. పక్కింటావిడ మోతాదు చూసి మన మోతాదు తక్కువనో ఎక్కువనో బెంగపడనక్కర్లేదు, ఆమెకు ఇచ్చిన కారణం వేరు కావచ్చు.

"బిడ్డకు ఏమైనా అవుతుందా డాక్టరమ్మా? రక్తం పలచన చేసే మందు కదా," అని వెంట వచ్చిన తల్లి అడిగింది. హెపారిన్ అణువు పెద్దది, అది మాయను దాటి బిడ్డలోకి పోదు. గర్భిణులకు మాత్రల బదులు ఈ సూదినే ఎంచుకోవడానికి అసలు కారణం అదే. నోటితో వేసుకునే వార్ఫరిన్ మాయను దాటుతుంది, ముఖ్యంగా 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డ ముక్కు ఎముకలకు, అవయవాలకు లోపాలు తేగలదు. అందుకే గడ్డలకు ముందునుంచీ వార్ఫరిన్ వాడుతున్న స్త్రీ నెల తప్పిన వెంటనే డాక్టరుకు చెప్పాలి.

రోజూ ఆస్పత్రికి పోలేరు కాబట్టి ఇంట్లోనే వేసుకోవడం నేర్పిస్తారు. మందు సిరంజిలోనే నింపి వస్తుంది. చేతులు కడుక్కుని, కూర్చునో వెనక్కి వాలో, బొడ్డుకు కనీసం మూడు వేళ్ల వెడల్పు దూరంలో, పొట్ట పక్క భాగంలో చోటు చూసుకోవాలి. సిరంజిలో చిన్న గాలిబుడగ ఉంటుంది. మిగతా ఇంజెక్షన్లకు గాలి తీసేయడం చూసిన అలవాటుతో చాలామంది దాన్ని బయటికి నెడతారు. ఇందులో అలా చేయకూడదు, బుడగతో పాటు కొంత మందూ పోతుంది. చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలితో మడతలా పట్టుకుని, సూదిని ఏటవాలుగా కాకుండా నిటారుగా పూర్తిగా లోపలికి దించాలి. మందు నెమ్మదిగా ఎక్కించి, సూది బయటికి తీసేదాకా మడత వదలకూడదు. తీశాక దూదితో కాసేపు అదిమి పట్టాలి, రుద్దకూడదు. రుద్దితే అక్కడ రక్తం చిమ్మి పెద్ద కమురు పడుతుంది. ఈ రోజు కుడిపక్క వేస్తే రేపు ఎడమపక్క. కడుపు పెరిగాక కూడా పక్కల్లో వేయవచ్చు, సూది చర్మం కింది కొవ్వు వరకే పోతుంది, బిడ్డ దాకా చేరదు. భయం తీరకపోతే తొడ పైభాగంలో వేసుకోవచ్చు. వాడిన సిరంజిని చెత్తబుట్టలో పడేయకుండా మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో దాచి ఆస్పత్రికి ఇచ్చేయాలి.

వేసిన చోట నీలి మచ్చలు రావడం మామూలే, వాటిని చూసి మందు మానేయకూడదు. దురద పెట్టే ఎర్రటి పెద్ద దద్దుర్లు వస్తే మాత్రం చూపించాలి, ఒక రకం పడకపోతే మరో రకం ఇస్తారు. హెపారిన్ వల్ల ప్లేట్‌లెట్లు పడిపోయే ప్రమాదం ఒకటి ఉంది. ఎనాక్సపారిన్‌తో అది చాలా అరుదు, అయినా మొదలుపెట్టే ముందు ప్లేట్‌లెట్లు, మూత్రపిండాల పనితీరు చూస్తారు. ముక్కు నుంచి రక్తం ఆగకపోవడం, మూత్రంలో రక్తం, మలం నల్లగా రావడం, యోని నుంచి రక్తస్రావం కనబడితే తర్వాతి డోసు వేసుకోకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఏపీఎస్ ఉన్నవాళ్లకు ఇంజెక్షన్లు వాడుతున్నా బీపీ పెరగవచ్చు, బిడ్డ ఎదుగుదల తగ్గవచ్చు. అందుకని చివరి నెలల్లో స్కానింగులు, బీపీ పరీక్షలు ఎక్కువగానే ఉంటాయి.

కాన్పు దగ్గరపడ్డాక ముఖ్యమైనవి గంటలు. వెన్నులో మత్తు ఇవ్వాలంటే నివారణ మోతాదు వేసి 12 గంటలు దాటి ఉండాలి, పెద్ద మోతాదైతే 24 గంటలు. లేకుంటే వెన్నుపాము పక్కన రక్తం చేరి కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే డాక్టరమ్మ ఆమెకు 38వ వారంలోనే చెప్పింది: "నొప్పులు మొదలైనట్టు అనిపించినా, ఉమ్మనీరు పోయినా ఆ పూట ఇంజెక్షన్ వేసుకోకు తల్లీ. చివరిది ఎన్నింటికి వేసుకున్నావో కాగితం మీద రాసి తెచ్చుకో." రాత్రివేళ వేరే ఆస్పత్రికి పరుగెత్తాల్సి వచ్చినా ఆ కాగితం చూసి మత్తు డాక్టరు నిర్ణయం తీసుకోగలడు.

కాన్పు అయిపోయింది కదా అని మందు ఆపకూడదు. గడ్డలు ఏర్పడే ముప్పు అన్నిటికంటే ఎక్కువగా ఉండేది కాన్పు తర్వాతి వారాల్లోనే. రక్తస్రావం అదుపులో ఉందనుకున్నాక, వెన్నులోని గొట్టం తీసి కనీసం నాలుగు గంటలు గడిచాక మళ్లీ మొదలుపెట్టి, ఆరు వారాలు వాడతారు. పాలివ్వడానికి ఏ అడ్డూ లేదు. మొత్తం లెక్క వేస్తే 260కి పైగా సిరంజీలు. ఒక్కోటి కొన్ని వందల రూపాయలు కాబట్టి ఆ ఖర్చుకు ముందే సిద్ధపడాలి. మధ్యలో డబ్బు సరిపోక మానేసే పరిస్థితి వస్తే డాక్టరుకు దాచకుండా చెప్పాలి. రోజుకు రెండుసార్లు వేసే పాతరకం హెపారిన్ వంటి ప్రత్యామ్నాయాలను వాళ్లు ఆలోచిస్తారు.

ఇక్కడ మన ఇళ్లలోని ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. బాలింతను మంచం దిగనీయకుండా, నీళ్లు తాగితే పొట్ట వస్తుందనో, బిడ్డకు జలుబు చేస్తుందనో గుక్కెడు గుక్కెడు ఇచ్చే పద్ధతి ఇంకా ఉంది. కదలిక లేని కాళ్లు, నీరు తగ్గిన ఒళ్లు, గడ్డకట్టడానికి సిద్ధంగా ఉన్న రక్తం, ఈ మూడూ ఒకచోట చేరడం ఏ బాలింతకైనా ప్రమాదమే. ఏపీఎస్ ఉన్న మనిషికి మరీ ప్రమాదం. దాహం తీరేలా నీళ్లు ఇవ్వాలి, కాన్పైన రోజే లేపి నాలుగడుగులు నడిపించాలి. ఒక కాలు, ముఖ్యంగా ఎడమకాలు, వాచి నొప్పి పుడితే అది 'నీరు పట్టడం' అనుకోకూడదు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వస్తే గంట కూడా ఆగకూడదు. తలనొప్పి రోజురోజుకూ పెరుగుతూ వాంతులు, ఫిట్స్, చెయ్యో కాలో పట్టుతప్పడం కనబడితే మెదడు సిరల్లో గడ్డ ఉందేమో అనుమానించాలి. దాన్ని 'గాలి సోకింది' అని మంత్రాలతో కాలయాపన చేసి చేతులు కాల్చుకున్న కుటుంబాలు ఉన్నాయి.

ఆరు వారాల పరీక్షకు వెళ్లినప్పుడు ఇంకో విషయం అడిగి తెలుసుకోవాలి. ఏపీఎస్ ఉన్న స్త్రీ ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు, అవి గడ్డలు ఏర్పడే ముప్పును పెంచుతాయి. నెలసరి సరిచేయడానికి ఇచ్చే మాత్రల్లోనూ చాలావాటిలో ఈస్ట్రోజెన్ ఉంటుంది. వాటి బదులు కాపర్-టీ వాడవచ్చు. రిపోర్టుల నకలు ఒకటి ఫైల్లో పెట్టుకుని, పదేళ్ల తర్వాత పంటి డాక్టరు దగ్గరికో, మోకాలి ఆపరేషన్‌కో వెళ్లినా ముందుగా ఆ కాగితమే చూపించాలి.